నూటికి పది, నూటికి తొమ్మిది

కాగితాల కొట్టు పెద్దాయనకి అందరికీ ఉన్నట్టే ఓ పేరుంది. కానీ ఆ వీధిలో ఆ సంగతి ఉత్తరాలు పంచే మనిషికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరూ ఆయన్ని ‘ఒకటేమాట’ అంటారు. కౌంటరు వెనక గోడ మీది బోర్డుపై అరచేయంత అక్షరాలతో ‘ఒకటే మాట, ఒకటే ధర’ అని రాయించింది ఆయనే గనక ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. రీము కాగితం రెండు వందల యాభై అన్నాడంటే రెండు వందల యాభైయే. బేరమాడినవాళ్ళకి ఆయన జవాబు చెప్పడు. ఓ కాగితం తీసి చెవి దగ్గర పెట్టుకుని టపటపా ఆడిస్తాడు, వెలుతురుకేసి పట్టి చూస్తాడు, మళ్ళీ బొత్తిలో పెట్టేస్తాడు. అడిగినవాడికి అప్పటికి నోరు దానంతటదే మూతపడుతుంది.

ఎంగిలి చేత్తో కాకిని తోలడని గిట్టనివాళ్ళంటారు. అది తప్పు. అన్నమాట నిలబెట్టుకోవడానికి ఆయన నష్టపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఓసారి పొద్దున ఒక ధర చెప్పి, మధ్యాహ్నానికి మిల్లు రేటు పెరిగినా, సాయంత్రం వచ్చినవాడికి పొద్దున చెప్పిన ధరకే ఇచ్చాడు. ఇచ్చి, ఆ రాత్రంతా భార్యని నిద్రపోనివ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

అటువంటి మనిషి కోడలికి కౌంటరు అప్పగించాడంటే వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. పెళ్ళికి ముందు ఆ అమ్మాయి ఒక లెక్కల ఆఫీసులో రెండేళ్ళు పనిచేసింది. పెళ్ళయిన ఆరేళ్ళలో చేసిందల్లా కొట్టు మీది అంతస్తులో సంసారం. మొగుడు సరుకు వ్యానుతో ఊళ్ళు తిరుగుతుంటాడు. మామయ్యకి కళ్ళు మందగించి ఆరుని సున్నా అనుకోవడం మొదలయ్యాక, కొడుకు ఓ కంప్యూటరు, బిల్లులు ముద్రించే యంత్రం తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. అప్పుడు అత్తయ్య అంది, “ఇంట్లో చదువుకున్న పిల్లని పెట్టుకుని బయట గుమస్తాని వెతుకుతారేమిటి?” అని.

పెద్దాయన ఒప్పుకున్నాడు. కానీ ఊరికే ఒప్పుకుంటే ఆయన ఒకటేమాట ఎలా అవుతాడు?

“మూడు నెలలు చూస్తానమ్మాయ్. ఈ మూడు నెలల్లో ఒక్క బిల్లు వెనక్కి రాకూడదు. వచ్చిందా, ఆ మర్నాడే గుమస్తాని పెట్టుకుంటా. వాడు కుర్చీలోకి, నువ్వు ఇంట్లోకి. ముద్ర మాత్రం నా దగ్గరే ఉంటుంది.”

ముద్రంటే కొట్టు రబ్బరు ముద్ర. అది ఆయన చొక్కా జేబులో ఉంటుంది. ప్రతి బిల్లూ యంత్రంలోంచి రాగానే ఆయన జేబులోంచి ముద్ర తీసి, నోటితో ఓసారి ఊది, టక్కున కొడతాడు. ఏళ్ళ తరబడి ఊదీ ఊదీ ఆయన పెదవికి ఓ పక్క నీలం మరక శాశ్వతంగా ఉండిపోయింది.

కోడలికి ఆ కుర్చీ అంటే ప్రాణం. ఇది దాచాల్సిన పనేమీ లేదు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే వచ్చే కొత్త కాగితం వాసన, కింద చెమ్మ తగలకుండా చెక్కల మీద పేర్చిన రీములు, మూలన అట్టలు కోసే కత్తెర యంత్రం, సాయంత్రానికి అమ్మకం, సొరుగులో డబ్బూ పైసాతో సహా కలిసినప్పుడు ఒంట్లో కలిగే చల్లదనం... ఇవన్నీ తనవి. ఆరేళ్ళు పప్పు మాడిందా, చారు పొంగిందా అన్నవే ఆమె లెక్కలు. ఇప్పుడు మనుషులు వచ్చి ‘అమ్మా, నా బాకీ ఎంతుంది’ అని ఆమెని అడుగుతున్నారు. రెండు నెలల ఇరవై రోజులు గడిచాయి. ఇంకా పది రోజులు. ఒక్క బిల్లూ వెనక్కి రాలేదు.

రావాల్సిన బిల్లు మాత్రం ఒకటుంది. ఆ సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు.

అది పోయిన నెల ఇరవై రెండో తారీఖు బిల్లు. ఆ రోజు నోటుపుస్తకాలు తయారుచేసే ఆయన కొట్టుకొచ్చాడు. పెద్దాయనకి పాత స్నేహితుడు, ఒళ్ళంతా నవ్వుగా ఉండే లావుపాటి మనిషి. ఎనిమిది వందల రీములకి ఆర్డరిచ్చి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

“ఒరేయ్, నీ దగ్గర నేను మొదటి కట్ట కొని ఇవాళ్టికి పాతికేళ్ళు. ఈ పాతికేళ్ళలో నువ్వు నాకు ఒక్క పైసా తగ్గించలేదు. నేనూ అడగలేదు. అంతే, చెబుదామనిపించింది.”

అని వెళ్ళిపోబోయాడు. పెద్దాయన కౌంటరు మీద చెయ్యి వేసి, చాలాసేపు గోడ మీది బోర్డుకేసి చూశాడు.

“ఆగు. నూటికి పది తగ్గిస్తున్నా.”

లోపల కాగితం కోస్తున్న మనిషి యంత్రం ఆపేశాడు. మేడ మెట్ల మీద అత్తయ్య చేతిలో టీ గ్లాసు ఒలికింది. నోటుపుస్తకాలాయన కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు.

ఇచ్చేది జీవితంలో మొదటిసారాయె, అది ఎలా ఇవ్వాలో పెద్దాయనకి ఏం తెలుసు? కోడలి పక్కన నిలబడి చెప్పాడు. “మొత్తం రెండు లక్షలు అని కొట్టు. దాని మీద పన్ను నూటికి పది, ఇరవై వేలు. కలిపి రెండు లక్షల ఇరవై వేలు. అన్నిటికంటే కింద, లావు అక్షరాలతో, ‘మిత్రుడికి తగ్గింపు ఇరవై వేలు’. కట్టాల్సింది రెండు లక్షలు.”

“మామయ్యా, తగ్గింపు ముందు తీసేసి...” అంది కోడలు.

“ముందు తీస్తే మధ్యలో ఎక్కడో పడి కొట్టుకుపోతుందే పిచ్చిదానా. పాతికేళ్ళకి ఇస్తున్నాను. చివర్లో ఉంటేనే కంటికి ఆనుతుంది.”

ఆ క్షణాన ఆయన మొహం చూసి కోడలు నోరు నొక్కుకుంది. లెక్కల ఆఫీసులో రెండేళ్ళు పనిచేసిన పిల్లకి తెలియదా? తగ్గింపు బిల్లులోనే ఇచ్చేటప్పుడు, ముందు ధరలోంచి దాన్ని తీసేసి, మిగిలినదాని మీదే పన్ను వెయ్యాలి. రెండు లక్షల్లో ఇరవై వేలు పోతే లక్షా ఎనభై వేలు. దాని మీద పన్ను పద్దెనిమిది వేలు. మొత్తం లక్షా తొంభై ఎనిమిది వేలు. ఈ బిల్లులో పన్ను రెండు వేలు ఎక్కువ పడింది. తెలిసీ ఆమె ప్రింటు కొట్టింది. పెద్దాయన ఊది ముద్ర వేశాడు. నెల తిరగ్గానే ఆ ఇరవై వేల పన్నూ నెల లెక్కలో చేరి పన్ను ఆఫీసుకి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ ఆమెకి మింగలేక కక్కలేక ఉంది.

ఇంక పది రోజులున్నాయనగా, ఓ మధ్యాహ్నం, గుమ్మంలో గొడుగు ముడుస్తూ లెక్కల పిన్ని కనబడింది. నోటుపుస్తకాల కార్ఖానాలో ఇరవై ఏళ్ళుగా లెక్కలు రాసే మనిషి ఆమె. సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలు తాడుతో మెళ్ళో వేలాడుతూ ఉంటుంది. ఎవరికి పిన్నో తెలియదు గానీ కార్ఖానాలో యజమానితో సహా అందరూ పిన్నీ అనే పిలుస్తారు. మంచి మనిషే. కానీ ఆమె గుమ్మం తొక్కిందంటే ఎక్కడో ఓ అంకె అటూ ఇటూ అయిందన్నమాట.

“మీ మామగారున్నారామ్మా?”

“గోడౌనుకెళ్ళారు పిన్నిగారూ. లోడు దిగుతోంది. గంటలో వస్తారు. కూర్చోండి.”

పిన్ని కూర్చుని సంచిలోంచి ఫోను తీసింది. అందులో ఓ ఫొటో. బిల్లే. కానీ దాని చుట్టూ నగిషీ చెక్కిన చట్రం, మీద అద్దం, అద్దంలో ఫోను పట్టుకున్న పిన్ని నీడ.

“చూశావా మా ఆయన నిర్వాకం? మా ఆయనంటే మా యజమాని. బిల్లు నాకివ్వకుండా ఇంటికి పట్టుకుపోయి, పటం కట్టించి, హాల్లో తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. ‘సరుకొచ్చింది, బిల్లేది?’ అని నేను నెల్లాళ్ళు మొత్తుకుంటే నిన్న చెప్పాడు. మేకు ఊడదీయనివ్వలేదు తల్లీ. స్టూలెక్కి ఫొటో తీసుకున్నా.”

కోడలికి నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి.

“పన్ను దగ్గర రెండు వేలు ఎక్కువుంది,” అంది కోడలే, పిన్ని ఇంకా చెప్పకముందే.

పిన్ని కళ్ళద్దాలు పెట్టుకుని ఆమెని ఎగాదిగా చూసింది. “తెలుసన్నమాట.”

“తెలుసు.”

“తెలిసే కొట్టావా?”

కోడలు జరిగిందంతా చెప్పేసింది. మూడు నెలల షరతు సంగతీ చెప్పింది. లోపలి గుమ్మం దగ్గర నిలబడి అత్తయ్య అంతా వింది. గబగబా మేడెక్కి, గబగబా దిగొచ్చి, పిన్ని గుప్పిట్లో ఏదో కుక్కింది. నాలుగు మడతలు పెట్టిన నోట్లు, పప్పు డబ్బా వాసన.

“రెండు వేలున్నాయి వదినా. నా సొంతవి. తీసుకో. మీ లెక్క సరిపోతుంది, మా ఇల్లూ నిలబడుతుంది. ఆయనకి తెలియనక్కర్లేదు.”

పిన్ని ఆ నోట్లని మళ్ళీ అత్తయ్య చేతిలోనే పెట్టి గుప్పిట మూసింది.

“డబ్బు నాకెందుకు వదినా? నాక్కావల్సింది కాగితం. మీ బిల్లులో పన్ను ఇరవై వేలని ఉంది. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను మేం మళ్ళీ లెక్కలో రాబట్టుకుంటాం. అసలు పడాల్సింది పద్దెనిమిది వేలైతే నేను ఇరవై ఎలా రాబట్టుకోను? రేపు ఎవరైనా తనిఖీకొచ్చి ‘ఈ రెండు వేలేమిటమ్మా’ అంటే, ‘పప్పు డబ్బాలోంచి వచ్చింది’ అని చెప్పనా? ఆ రెండు వేలకి తోడు జరిమానా కూడా పడుతుంది. నువ్విచ్చిన నోట్లు నా పుస్తకంలో ఎక్కడా కూర్చోవు. మీ పుస్తకంలోనూ కూర్చోవు.”

“పోనీ ఆ బిల్లు చించేసి మంచిది ఇంకోటి రాసిస్తే?” అంది అత్తయ్య.

దానికి కోడలే జవాబు చెప్పింది. “కుదరదత్తయ్యా. పోయిన నెల లెక్కలో ఆ బిల్లు నంబరు పన్ను ఆఫీసుకి వెళ్ళిపోయింది. అది అలాగే ఉండాలి. దాని పక్కన మనం క్రెడిట్ నోట్ ఇవ్వాలి. ‘ఫలానా నంబరు బిల్లులో పన్ను ఇంత ఎక్కువ వేశాం, ఇంత తగ్గిస్తున్నాం’ అని. అది ఈ నెల లెక్కలో చూపిస్తే మనం కట్టే పన్నులోనూ రెండు వేలు తగ్గుతుంది.”

“అదీ!” అంది పిన్ని, బడిలో సరైన జవాబు విన్న పంతులమ్మలా. “బిల్లుకి డబ్బు మేం ఇంకా కట్టలేదు. గడువింకా ఉంది. కాగితం రాగానే లక్షా తొంభై ఎనిమిది వేలు పంపేస్తాం.” సంచిలోంచి ఓ కవరు తీసి కౌంటరు మీద పెట్టింది. “ఇందులో ఉత్తరం రాశాను. బిల్లు నంబరు, తారీఖు, మీరు వేసింది, వెయ్యాల్సింది, తేడా. ఎవరినీ ఏమీ అనలేదు. కావాలంటే కంప్యూటరు తప్పని చెప్పుకో తల్లీ. ఆయనకి అదంటే ఎటూ పడదు కదా.”

పిన్ని టీ తాగి వెళ్ళిపోయింది. కవరు కౌంటరు మీదుంది.

కంప్యూటరు మీదకి తోసెయ్యడం తేలికే. కానీ కంప్యూటరు బయటికి పోతే దాని వెనకే తనూ పోవాలి. ‘మీరు చెప్పినట్టే చేశాను మామయ్యా’ అంటే అదీ నిజమే, కానీ సగం నిజం. తెలిసీ నోరు మూసుకున్న సగం అందులో లేదు. పైగా పాతికేళ్ళకి ఒక్కసారి చెయ్యి చాచి ఇచ్చిన మనిషితో, ఆ ఇచ్చింది తప్పు అనాలి. కోడలు ఓ చిత్తుకాగితం తీసి లెక్క వేసింది. మళ్ళీ వేసింది. మూడోసారి వేసేటప్పుడు చెయ్యి ఆగిపోయింది. ‘అయ్యో’ అంది పైకే. ఇన్నాళ్ళూ తన కుర్చీ గురించే దిగులు పడుతూ, ఆ లెక్క చివరి దాకా వేసి చూడలేదు తను.

పెద్దాయన వచ్చాడు. తల మీద కాగితపు పొట్టు, చొక్కా చేతుల దాకా దుమ్ము. కుర్చీలో కూలబడి, “ఏమిటా కవరు?” అన్నాడు.

“లెక్కల పిన్నిగారు ఇచ్చివెళ్ళారు. బిల్లులో పన్ను తప్పుందిట మామయ్యా. క్రెడిట్ నోట్ అడుగుతున్నారు.”

“ఏ బిల్లు?”

“తగ్గింపు బిల్లు.”

పెద్దాయన మొహం ఎర్రబడింది. “పాతికేళ్ళకి ఓసారి తగ్గిస్తే అందులో తప్పులా! దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టడమంటే ఇదే! వద్దంటే వద్దనమను. మళ్ళీ జన్మలో ఎవడికైనా తగ్గిస్తే అప్పుడడుగు. ఏం తప్పుందిట? ఎవరు చేశారుట?”

“లెక్క మీరు చెప్పారు. తప్పని తెలిసీ ప్రింటు కొట్టింది నేను. ఆ రోజు మీరు అంత సంతోషంగా ఉంటే చెప్పడానికి నాకు నోరు రాలేదు. అది నా తప్పే మామయ్యా.”

పెద్దాయన కోపానికి పట్టుకుని వేలాడ్డానికి కొమ్మ దొరకలేదు.

“ఒక్క మాట అడగనా? మీరు ఆయనకి ఎంత తగ్గించారు?”

“నూటికి పది. ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఆయనకి చేరింది తొమ్మిదే.”

“ఏమిటీ?”

“నూటికి తొమ్మిదే చేరింది. చూడండి.” చిత్తుకాగితం ఆయన ముందుకి జరిపింది. ఆయన కళ్ళకి ఆనేలా అంకెలు పెద్దవిగా రాసింది. “తగ్గింపే లేకపోతే ఆయన మనకి రెండు లక్షల ఇరవై వేలు కట్టి, పన్ను ఇరవై వేలు తన లెక్కలో రాబట్టుకునేవారు. సరుకు రెండు లక్షలకి పడేది. మీరు నూటికి పది తగ్గిస్తే లక్షా ఎనభై వేలకి పడాలి. అవునా?”

“అవును.”

“మన బిల్లు ప్రకారం కట్టాల్సింది రెండు లక్షలు. పన్ను పద్దెనిమిది వేలే పడాలి గనక ఆయన రాబట్టుకోగలిగేది పద్దెనిమిదే. సరుకు ఎంతకి పడింది? లక్షా ఎనభై రెండు వేలకి. మీరిచ్చిన ఇరవై వేలలో రెండు వేలు మధ్యదారిలో పన్ను ఆఫీసుకి పోయింది. ఆయనకి చేరింది పద్దెనిమిది వేలు. రెండు లక్షల మీద పద్దెనిమిది వేలంటే నూటికి ఎంత మామయ్యా?”

పెద్దాయన పెన్సిలు తీసుకున్నాడు. ఒక్కో అంకె మీదా పెన్సిలు మొన ఆనిస్తూ పైనుంచి కిందికి వచ్చాడు. మళ్ళీ కింద నుంచి పైకి వెళ్ళాడు. పెదవులు కదులుతున్నాయి.

“తొమ్మిది,” అన్నాడు చివరికి. గొంతు బాగా తగ్గింది. “నేను పది అన్నాను కదే.”

“అందరి ముందూ అన్నారు.”

“వాడు దాన్ని పటం కట్టించుకున్నాట్ట కదా. వీధిలో చెప్పుకుంటున్నారు. తొమ్మిది ఇచ్చి పది ఇచ్చానని గోడకి తగిలించుకునేలా చేశానన్నమాట, వాణ్ణి.” లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, రీముల మధ్య అటూ ఇటూ రెండుసార్లు తిరిగాడు. “మరి ఈ నోటేదో ఇస్తే నాకెంత పోతుంది?”

“ఏమీ పోదు. వాళ్ళిచ్చేదాంట్లో రెండు వేలు తగ్గుతుంది, మనం కట్టే పన్నులోనూ రెండు వేలు తగ్గుతుంది. అప్పుడూ ఇప్పుడూ మనకి మిగిలేది లక్షా ఎనభై వేలే.”

“నాకేం పోదు. వాడికి పూర్తిగా పది చేరుతుంది.”

“చేరుతుంది.”

“అయితే ఇంకా నా మొహం చూస్తావేమిటే? కొట్టు!”

కోడలు కుర్చీలో కూర్చుంది. క్రెడిట్ నోట్‌కి కొత్త నంబరు, ఇవాళ్టి తారీఖు వేసింది. పాత బిల్లు నంబరు, దాని తారీఖు రాసింది. బిల్లులో పన్ను వేసిన విలువ రెండు లక్షలు, వెయ్యాల్సిన విలువ లక్షా ఎనభై వేలు. వేసిన పన్ను ఇరవై వేలు, వెయ్యాల్సింది పద్దెనిమిది. తగ్గిస్తున్నది రెండు వేలు. పెద్దాయన ఆమె భుజం మీదుగా వంగి ఒక్కో అంకె బయటికి చదువుతూ నిలబడ్డాడు. చివర్లో ‘కారణం’ అని ఓ ఖాళీ గడి ఉంది. కోడలు అందులో ‘తగ్గింపు తీయకముందు విలువ మీద పన్ను లెక్కించడం వల్ల’ అని కొట్టింది.

“అది సరిపోదు,” అన్నాడు పెద్దాయన.

“సరిపోతుంది మామయ్యా. ఇంతే రాస్తారు.”

“ఎవరు లెక్కించారు? ఎవరి వల్ల? రేపు ఆ కాగితం చూసి కొత్తగా వచ్చిన పిల్ల తప్పు చేసిందనుకుంటారు. నేను చెప్పేది దాని కింద రాయి. ‘యజమానికి తగ్గింపు ఇవ్వడం అలవాటు లేనందువల్ల.’”

కోడలు వెనక్కి తిరిగి చూసింది. ఆయన నవ్వడం లేదు.

“రాయమ్మాయ్. నిజమేగా? నలభై ఏళ్ళుగా ఇచ్చి ఉంటే ఎలా ఇవ్వాలో నాకు తెలిసేది.”

రాసింది. యంత్రం గరగరమంటూ కాగితాన్ని బయటికి తోసింది. పెద్దాయన జేబులోంచి ముద్ర తీసి, ఊది, టక్కున కొట్టాడు. ముద్ర కొంచెం వంకరగా పడింది. ఆయనకి ఎప్పుడూ వంకరగా పడదు.

మాట ఇక్కడితో ఆపేస్తే కోడలికి ఆ రాత్రి హాయిగా నిద్రపట్టేది. కానీ ఆ ఇంట్లో ఆరేళ్ళున్నాక ఆమెకీ ఆ జబ్బు అంటుకుంది. మాటంటే మాటే. లేచి, కుర్చీ బల్ల కిందకి తోసింది.

“మామయ్యా, మూడు నెలల్లో ఒక్క బిల్లు వెనక్కి రాకూడదన్నారు. వచ్చింది. రేపట్నుంచి గుమస్తాని పెట్టుకోండి. మీరు మాట తప్పడం నాకిష్టం లేదు.”

మెట్ల మీద అత్తయ్య “ఓసి నీ తెలివి తెల్లారా!” అని నెత్తి కొట్టుకుంది.

పెద్దాయన కోడలికేసి చూశాడు. గోడ మీది బోర్డుకేసి చూశాడు. ఆయన ఎన్నడూ మాట వెనక్కి తీసుకోలేదు, తీసుకోవడం రాదు కూడా. ఓ కాగితం తీసి చెవి దగ్గర పెట్టుకుని టపటపా ఆడించాడు. వెలుతురుకేసి పట్టి చూశాడు. ఆయన జవాబు చెప్పదలచుకోనప్పుడు చేసే పని అది. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను చేసిందానికి ఆ క్షణంలో ఆమె నిజంగానే బాధపడింది.

కాగితం బొత్తిలో పెట్టేసి పెద్దాయన అన్నాడు, “బిల్లెక్కడుంది?”

“ఏ బిల్లు?”

“అదే. తగ్గింపు బిల్లు. ఎక్కడుంది?”

“వాళ్ళ హాల్లో. పటంలో.”

“మేకు ఊడదీశారా?”

“లేదు. ఆయన తీయనివ్వలేదుట.”

“మన దగ్గరికొచ్చిందేమిటి?”

“ఉత్తరం.”

“మనం పంపేదేమిటి?”

“క్రెడిట్ నోట్.”

“ఈ నోటిస్తే ఆ బిల్లు మన దగ్గరికి తిరిగొస్తుందా?”

“రాదు. అది అక్కడే ఉండాలి. దాని పక్కన ఇదుంటుంది.”

“మరి బిల్లు వెనక్కెక్కడొచ్చిందే?” అన్నాడు ఒకటేమాట, కౌంటరు మీద చేత్తో చరిచి. “నేనన్నది బిల్లు వెనక్కి రాకూడదని. ఉత్తరం రాకూడదన్నానా? నోటు పంపకూడదన్నానా? నా మాట నాకు తెలీదూ? కూర్చో!”

అత్తయ్య మెట్ల మీదే కూలబడి నవ్వడం మొదలెట్టింది. కాగితం కోసే మనిషి యంత్రం ఆపి మరీ నవ్వాడు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంత సంతోషం ఆమె ఆ ఇంట్లో ఎన్నడూ ఎరగదు.

పెద్దాయన చెప్పులేసుకున్నాడు. నోటు కవర్లో పెట్టుకున్నాడు. “నేనే ఇచ్చొస్తా. ఒక శాతం తక్కువిచ్చానని వాడితో నేనే చెప్పాలి. ఇలాంటివి ఎవరితోనూ పంపకూడదు.” గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. జేబులోంచి ముద్ర తీసి కౌంటరు మీద, ఆమె కుడిచేతి పక్కన పెట్టాడు. “నే వచ్చేసరికి ఎవరైనా వస్తారు. బిల్లు ఆగకూడదు.”

ఓ గంట తర్వాత లెక్కల పిన్ని ఫోను చేసింది. వెనకాల ఇద్దరు మగవాళ్ళు ఒకర్నొకరు అరేయ్ ఒరేయ్ అని తిట్టుకుంటూ నవ్వుకోవడం వినిపిస్తోంది.

“మీ కాగితం చేరిందమ్మా. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. కారణం చదివి మా ఆయన కుర్చీలోంచి పడ్డంత పని చేశాడు. ఇప్పుడు దీన్ని కూడా పటం కట్టిస్తానంటున్నాడు, దాని పక్కనే. నేను సాగనివ్వలేదు. అసలు కాగితం నా ఫైల్లోకి, నకలు గోడ మీదికి. ఆ పటంలో ఉన్న బిల్లు కూడా రేపు మేకు ఊడదీయిస్తాను, చూస్తూ ఉండు.”

“ఇవాళ మాత్రం ఊడదీయకండి పిన్నిగారూ,” అంది కోడలు. “ఇంకో పది రోజులాగండి.”

పిన్నికి అర్థం కాలేదు. కోడలు వివరించలేదు కూడా. అప్పటికే కౌంటరు దగ్గర ఓ బడి పంతులుగారు రెండు రీముల కోసం నిలబడి ఉన్నారు. ఆమె బిల్లు ముద్రించి, ముద్ర చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదింది.